ఇంటి బేకరీ ఆర్డర్ పేజీ: మెటా డిస్క్రిప్షన్ మీద అపోహలు, వాస్తవాలు

ఆ మధ్య ఒక రాత్రి పదింటికి విజయవాడ పటమట నుంచి ఫోను. "తమ్ముడూ, మెటా డిస్క్రిప్షన్‌లో ఇంకో పది ఊళ్ల పేర్లు కలిపితే గూగుల్‌లో పైకి వస్తామట. అలా చేసిపెడతానని ఒకతను 6,000 అడుగుతున్నాడు, ఇవ్వమంటావా?" ఇంట్లోనే కేకులు చేసి అమ్మే అక్క ఆవిడ. మెటా డిస్క్రిప్షన్ అంటే పేజీ దేని గురించో చెప్పడానికి దాని కోడ్‌లో రాసే చిన్న వివరణ, పేజీ మీద అది కనిపించదు. క్రీము, వెన్న, గ్యాసు, డబ్బాల ఖర్చు పోను 6,000 మిగలాలంటే ఎన్ని రాత్రులు ఓవెన్ ముందు నిలబడాలో ఆవిడకే తెలుసు. ఇవ్వవద్దని చెప్పాను. ఇలాంటి ఫోను నాకు నెలకు రెండుసార్లయినా వస్తుంది కాబట్టి ఆవిడకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: డిస్క్రిప్షన్‌లో ఎన్ని మాటలు కుక్కితే అంత పైకి వస్తాం.

రావు. గూగుల్ ఈ సంగతిని 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా చెప్పింది. పేజీ కోడ్‌లో విడిగా రాసే మాటల జాబితా అయిన మెటా కీవర్డ్స్‌ను ర్యాంకింగ్‌కు అసలు లెక్కలోకి తీసుకోమని, డిస్క్రిప్షన్‌ను ఫలితం కింద కనిపించే స్నిప్పెట్ కోసం ఒక్కోసారి వాడుకుంటామే తప్ప ర్యాంకింగ్‌కు వాడమని. ఇన్నేళ్లయినా ఈ పుకారు చావలేదు. డబ్బు పుట్టించే పుకార్లు అంత తొందరగా చావవు మరి.

ఆ అక్క పేజీలో అప్పటికే ఉన్న వాక్యం ఇది. నేను రాసింది కాదు, అంతకుముందు ఎవరో పెట్టి వెళ్లింది.

```html
<meta name="description" content="విజయవాడ బెస్ట్ కేకులు, నంబర్ వన్ కేకులు, బర్త్‌డే కేకులు, చాక్లెట్ కేకులు, గుంటూరు కేకులు, మంగళగిరి కేకులు, తెనాలి కేకులు, చవక కేకులు">
```

ఇది పేజీని ఒక్క మెట్టు కూడా ఎక్కించలేదు. చేసిన పనల్లా తెనాలి నుంచి ఫోన్లు తెప్పించడం. పటమట నుంచి తెనాలి 30 కిలోమీటర్ల పైమాటే. మే నెల ఎండలో క్రీము కేకును బండి మీద అంత దూరం పంపితే డబ్బా తెరిచేసరికి పాయసమే. అందుకే ఆవిడ కానూరు, పోరంకి దాటి పంపదు. "మరి మీరే తెనాలి అని రాశారు కదండీ" అని అవతలివాళ్లు విసుక్కుంటే తప్పు వాళ్లది కాదు. పిండి కలుపుతున్న చేతులు కడుక్కుని, ఫోను ఎత్తి, కాదని చెప్పి, మళ్లీ పిండి దగ్గరికి రావడం, అదీ రోజుకు నాలుగుసార్లు. ఈ అపోహ అసలు ఖరీదు అది. 6,000 రూపాయలు దాని తర్వాతి లెక్క.

డిస్క్రిప్షన్ చదివేది ఎవరు? పేజీ అప్పటికే కంటపడినవాళ్లు. రేపు సాయంత్రం పాప పుట్టినరోజు, చేతిలో ఫోను, నాలుగు ఫలితాల్లో ఏది నొక్కాలా అని చూస్తున్న మనిషి. వాళ్లకు కావలసినవి నాలుగే ముక్కలు: మా ఇంటి దాకా తెస్తారా, రేపటికి అవుతుందా, ఎంత బరువు నుంచి ఇస్తారు, గుడ్డు వేస్తారా వేయరా. "నంబర్ వన్" అన్న మాట వీటిలో దేనికీ జవాబు కాదు. ఇద్దరం కూర్చుని మార్చి రాసింది ఇలా తేలింది.

```html
<meta name="description" content="పటమటలో ఇంట్లో చేసే ఎగ్‌లెస్ కేకులు, అర కిలో నుంచి. కానూరు, పోరంకి వరకు డెలివరీ. ఒక రోజు ముందు ఆర్డర్ ఇవ్వాలి.">
```

చివరి వాక్యం పెట్టడానికి అక్క మొదట ఒప్పుకోలేదు. "ఒక రోజు ముందు అంటే బేరం పోదూ?" అంది. పోయే బేరం ఎలాగూ పోతుంది, గంటలో కేకు కావలసినవాళ్లకు ఆవిడ ఎప్పుడూ ఇవ్వలేదు. వాళ్లు ఫోను చేసి నిరాశపడటం కన్నా ఆ రెండు వరుసలు చదివి పక్క దుకాణానికి వెళ్లడమే ఇద్దరికీ మేలు. చిన్న బేకరీ డిస్క్రిప్షన్ రావలసినవాళ్లను పిలవాలి, రాకూడనివాళ్లను మర్యాదగా ఆపాలి. రెండో పని సంగతి ఎవరికీ గుర్తుండదు.

"మరి పైకి రావడానికి ఏం చేయాలి?" అన్నది తర్వాతి ప్రశ్న. చుట్టుపక్కల కొనేవాళ్ల వెతుకులాటలో మ్యాపుతో పాటు వచ్చే ఫలితాలకు గూగుల్ చెప్పే కొలమానాలు మూడు: వెతికినదానికి సంబంధం, వెతికే మనిషికి ఎంత దూరం, ఆ వ్యాపారానికి ఎంత పేరు. ఆ మ్యాపు పెట్టెలోకి మీ మెటా డిస్క్రిప్షన్ రాదు. అక్కడ కనిపించేది గూగుల్‌లో మీ వ్యాపారం పేరుతో ఉండే బిజినెస్ ప్రొఫైల్. దాన్ని విడిగా నింపుకోవాలి. ఇంటి చిరునామా అందరికీ కనిపించడం ఇష్టం లేకపోతే దాచిపెట్టి, ఏ ప్రాంతాలకు పంపుతారో మాత్రం చూపించవచ్చు. ఒంటరిగా ఇంట్లో ఉండి వ్యాపారం చేసే ఆడవాళ్లు చాలామంది ఈ భయంతోనే ప్రొఫైల్ జోలికి పోరు. అది అర్థం చేసుకోవలసిన భయమే, కానీ దారి ఉంది.

అపోహ: నేను రాసిందే గూగుల్ చూపిస్తుంది.

చూపించవచ్చు, చూపించకపోవచ్చు. వెతికిన మాటలకు పేజీలోని వేరే వాక్యం ఇంకా బాగా సరిపోతుందనుకుంటే గూగుల్ దాన్నే ఎత్తి స్నిప్పెట్‌గా పెడుతుంది. డిస్క్రిప్షన్ కేవలం మాటల మూటలా ఉంటే పక్కన పెట్టేసే అవకాశం ఇంకా ఎక్కువ. చాలా వెతుకులాటల్లో అక్క పేజీకి జరిగింది అదే. ఫలితాల్లో పేజీ పేరు కింద కనిపించింది ఏమిటో తెలుసా? "హోమ్. మెనూ. సంప్రదించండి. అన్ని హక్కులు మావే." కేకు అన్న మాటే లేదు.

కారణం వెతకడానికి పేజీ తెరిచాను. పైన కేకు ఫోటో, దాని కింద మెనూ కార్డు, అట్టడుగున వాట్సాప్ బటన్, హోమ్, మెనూ లాంటి లింకులు. ఆ మెనూ కార్డు బంగారు అక్షరాలతో చేయించుకున్న బొమ్మ. బరువులు, ధరలు, రుచులు అన్నీ ఆ బొమ్మలోనే ఉన్నాయి. మనిషి కంటికి అది మెనూ. స్నిప్పెట్ కోసం వాక్యం వెతికే యంత్రానికి అక్కడ ఎత్తుకోవడానికి అక్షరం లేదు. దొరికిన మాటలు అట్టడుగున ఉన్నవే కాబట్టి వాటినే తెచ్చి పెట్టింది.

అందుకని డిస్క్రిప్షన్ కన్నా ముందు పేజీలోనే అయిదు వాక్యాలు మామూలు అక్షరాల్లో రాయించాను. ఎక్కడెక్కడికి పంపుతారు, డెలివరీకి ఎంత, కనీస బరువు ఎంత, ఎన్ని గంటల ముందు చెప్పాలి, గుడ్డు సంగతి ఏమిటి. బొమ్మ అలాగే ఉంది, అక్కకు అది ఇష్టం. ఇప్పుడు పటమటలో ఎగ్‌లెస్ కేకు అని వెతికితే మేము రాసిన డిస్క్రిప్షన్ కనిపిస్తోంది. కానూరుకు డెలివరీ అని వెతికితే పేజీలోని డెలివరీ వాక్యం వస్తోంది. రెండూ నిజాలే, రెండూ మేము రాసినవే. గూగుల్ ఏది ఎత్తుకున్నా నష్టం లేకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది, ఏది ఎత్తుకుంటుందన్నది మన చేతిలో లేదు. స్నిప్పెట్‌లోకి అసలు రాకూడదనుకునే భాగం ఏదైనా ఉంటే, దాన్ని చుట్టిన `div`కి `data-nosnippet` అని తగిలిస్తే చాలు.

మార్చిన వెంటనే ఫలితాల్లో మారదు. గూగుల్ పేజీని మళ్లీ వచ్చి చదవాలి. తొందరగా ఉంటే సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే Search Console‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి Request Indexing నొక్కండి, ఆపైన కొన్ని రోజులు ఆగండి. అక్క మూడో రోజుకే "ఇంకా పాతదే చూపిస్తోంది" అని కంగారుపడింది. ముందుగా చూడవలసింది పేజీలో మార్పు నిజంగా చేరిందా లేదా అన్నది. కంప్యూటర్‌లో పేజీ తెరిచి Ctrl+U నొక్కి, `name="description"` కోసం వెతకండి. అది రెండుసార్లు కనిపిస్తే ఒకటి థీమ్ పెట్టింది, ఇంకొకటి ప్లగిన్ పెట్టింది అయి ఉంటుంది. పాతదాన్ని తీసేయండి. వాక్యం మధ్యలోనే తెగిపోయినట్టు ఉంటే, లోపల ఎక్కడో "స్పెషల్" అని జంట కొటేషన్ గుర్తులు పెట్టి ఉంటారు. ఆ మొదటి గుర్తు దగ్గరే `content` ముగిసిపోతుంది.

అపోహ: సరిగ్గా 160 అక్షరాలు ఉండాలి.

గూగుల్ అలాంటి హద్దేమీ పెట్టలేదు. తెర వెడల్పును బట్టి కత్తిరిస్తుంది. 2017 చివర్లో స్నిప్పెట్లు ఒక్కసారిగా పొడుగయ్యాయి, 2018 మే నాటికి మళ్లీ పొట్టివయ్యాయి. ఆ మధ్యలో అన్ని పేజీలూ తిరగరాయించుకున్నవాళ్లు నాకు తెలుసు, పాపం. పైగా తెలుగులో ఈ లెక్కే వేరు. "ఆర్డర్" అన్న మాట మన కంటికి మూడక్షరాలు, లెక్కపెట్టే పనిముట్టుకు ఆరు. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ఆ అంకె పట్టుకుని బాధపడవద్దు. ముఖ్యమైన ముక్కను మొదటి వాక్యంలో పెట్టి, ఫోనులో వెతికి కళ్లతో చూసుకోండి.

అపోహ: వాట్సాప్‌లో లింకు పంపితే కింద వచ్చేది కూడా ఇదే.

అది ప్రధానంగా పేజీ కోడ్‌లోనే ఉండే `og:description` అన్న వేరే ట్యాగ్ నుంచి వస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో లింకు పంచుకునే బేకరీలు దాన్ని కూడా నింపుకోవాలి, అదే వాక్యం పెట్టినా ఫరవాలేదు.

అపోహ: వారానికోసారి మారుస్తూ ఉంటే మంచిది.

అక్క పేజీ గూగుల్ ఫలితాల్లో వారానికి ఓ 40 సార్లు కనిపిస్తుంది. ఒక వారం ఇద్దరు నొక్కుతారు, ఇంకో వారం నలుగురు. రెట్టింపయిందని సంబరపడటానికీ, సగమైందని దిగులుపడటానికీ అందులో ఏమీ లేదు. అంత చిన్న లెక్కతో ఏ వాక్యం మంచిదో తేల్చలేం. మూడు నెలలు కదపకుండా ఉంచి, Search Console‌లోని Performance‌లో జనం ఏ మాటలతో వెతికి వస్తున్నారో చదవడం నయం.

మార్చక తప్పనిది ఒక్కటి ఉంది, అది ధర. నా మొదటి రోజుల్లో ఇంకో బేకరీకి డిస్క్రిప్షన్‌లో "కిలో 600 నుంచి" అని గొప్పగా రాసిచ్చాను. ఏడాది తర్వాత వెన్న ధర పెరిగి వాళ్లు పేజీలో 750 చేశారు. డిస్క్రిప్షన్ సంగతి వాళ్లకు గుర్తు లేదు, నాకూ లేదు. ఒకాయన ఫోనులో స్క్రీన్‌షాట్ చూపించి, గుమ్మంలో నిలబడి 600కే కావాలన్నాడు. కేకు మీద ఆయన కొడుకు పేరు అప్పటికే రాసి ఉంది. 600కే ఇచ్చి పంపారు. ఆ 150 నేను కట్టాను. ఆ రాత్రే డిస్క్రిప్షన్‌లోంచి ధర తీసేశాను. అప్పటి నుంచి ధరను పేజీలో ఒకే ఒక్క చోట రాయిస్తున్నాను.