నూరు బస్తాల లారీ: విస్తృతులను ఎప్పుడు కూడవచ్చు?

నల్గొండలో డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెబుతాను. మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీలు వాళ్లు రోజూ చూసేవే కనుక నా ఉదాహరణ ఎప్పుడూ బస్తాదే. అంకెలు మాత్రం లెక్క కోసం నేను అనుకున్నవి.

అపోహ: బస్తా తూకం ప్రామాణిక విచలనం 200 గ్రాములైతే, నూరు బస్తాలకు 20 కిలోలు.

కూడేవి విచలనాలు కావు, వాటి వర్గాలు, అంటే విస్తృతులు. కిలోల్లో చూస్తే బస్తాకు 0.2 × 0.2 = 0.04, నూరింటికి 4. దాని వర్గమూలం 2 కిలోలే. ఒక బస్తాలో ఎక్కువ పడితే ఇంకోదానిలో తక్కువ పడి చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: విస్తృతులనైతే ఎప్పుడైనా కూడేయవచ్చు.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. సగటు నుంచి ఒక బస్తా తేడా a, మరోదాని తేడా b అనుకోండి. మొత్తం తేడా వర్గం a² + b² + 2ab. సగటు తీస్తే మొదటి రెండూ విస్తృతులవుతాయి, ab సగటే కోవేరియన్స్:

`Var(X+Y) = Var(X) + Var(Y) + 2Cov(X,Y)`

బస్తాలు స్వతంత్రమైతే a ఎంత ఉన్నా b సగటు సున్నాయే. అందుకే ఆ చివరి పదం మాయమవుతుంది. (కోవేరియన్స్ సున్నా అయినంత మాత్రాన స్వతంత్రమని కాదు, కూడికకు మాత్రం ఆ సున్నా చాలు.)

ఇప్పుడు కాటా సంగతి. రోజూ పొద్దున సరిచేసినప్పుడు దానిలో 100 గ్రాముల విచలనంతో ఏదో ఒక తప్పు మిగిలిపోతుందనుకుందాం. ఆ రోజు తూచిన ప్రతి బస్తాలోనూ అదే తప్పు ఉంటుంది. కనుక ఏ రెండు బస్తాల మధ్యనైనా కోవేరియన్స్ 0.1 × 0.1 = 0.01. చూడటానికి చిన్నదే, కానీ నూరు బస్తాల్లో అలాంటి పదాలు 100 × 99 = 9,900 ఉంటాయి, అంటే 99. బస్తా విస్తృతి 0.04 + 0.01 = 0.05 అయింది కనుక నూరింటికి 5. మొత్తం 104, విచలనం 10 కిలోలు దాటింది.

ఒకే రోజు బస్తాలను కొలిచి చూస్తే ఈ తప్పు కనిపించదు, ఎందుకంటే అది అన్నిటిలోనూ సమానమే. 200 గ్రాములే తేలుతుంది. వేర్వేరు రోజుల లారీల మొత్తాలను పోల్చినప్పుడే బయటపడుతుంది.

అపోహ: తీసివేతలో విస్తృతులను కూడా తీసివేయాలి.

కాదు, అక్కడా కూడాల్సిందే. గుర్తు మారేది కోవేరియన్స్‌కు మాత్రమే: `Var(X−Y) = Var(X) + Var(Y) − 2Cov(X,Y)`. నిండు లారీని, ఖాళీ లారీని ఒకే వేబ్రిడ్జి మీద తూచడంలో మర్మం ఇదే. రెండు తూకాల్లోనూ ఒకేలా పడిన తప్పు తీసివేతలో పోతుంది. ఖాళీ బండిని వేరే వేబ్రిడ్జి మీద తూచారో, ఆ లాభం ఉండదు.