పప్పు మానేయమని కాదు, రాత్రికి జరపమని

గత ఏప్రిల్‌లో పరకాల వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ హనుమకొండలో నా దగ్గరికి వచ్చారు. వయసు 68. పార్కిన్సన్స్, అంటే మనవాళ్లు వణుకుడు రోగం అనేది, మొదలై ఏడేళ్లయింది. దసరాకు 61 కిలోలున్న మనిషి ఆ రోజు 53.5 తూగారు. వెంట వచ్చిన కోడలు ముందే చెప్పేసింది: "మేడం, మామయ్యకు పప్పు, గుడ్డు, పాలు అన్నీ బంద్ చేసినం. అవి తింటే గోలీ పని చెయ్యదని చెప్పిన్రు."

చెప్పినవాళ్లు సగమే చెప్పారు. డైటీషియన్‌గా నేను ఎక్కువగా సరిదిద్దాల్సి వచ్చేది ఈ సగం మాటనే.

ఆ గోలీలో ఉండే మందు లెవోడోపా. మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారితేనే చేతులు, కాళ్లు మాట వింటాయి. అయితే లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పప్పు, గుడ్డు, మాంసం అరిగితే వచ్చే లూసిన్, వాలిన్, ఫినైల్ అలనిన్ లాంటివి, ఈ మందు, అన్నీ ఒకే దారిన పోవాలి. పేగు నుంచి రక్తంలోకి ఒక ద్వారం, రక్తం నుంచి మెదడులోకి ఇంకొక ద్వారం. రెండుచోట్లా పోటీ తప్పదు.

మెదడు దగ్గరి పోటీ ఎంత గట్టిదో 1984లో జాన్ నట్, ఆయన సహచరులు అమెరికాలో చూపించారు. రోగులకు లెవోడోపాను సెలైన్‌లా నేరుగా రక్తంలోకి ఎక్కించారు. అంటే పేగు సంగతి పక్కకు పోయింది. అలా మందు ఎక్కుతుండగానే ప్రోటీన్ ఎక్కువున్న భోజనం పెడితే, రక్తంలో మందు తగ్గకపోయినా ఒళ్లు బిగుసుకుపోయింది. ఈ దారి వాడుకోని గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఇస్తే మాత్రం ఏమీ కాలేదు.

కాబట్టి ఆ ఇంట్లో వాళ్లు విన్నది అబద్ధం కాదు. కానీ పోటీ ఉండేది భోజనం తర్వాత కొన్ని గంటలే. ఆ కొన్ని గంటల కోసం రోజంతా ప్రోటీన్ మానేస్తే కండ కరుగుతుంది. కండ తగ్గిన మనిషి పడిపోతాడు.

ఏమి పెట్టాలో చెప్పే ముందు కొలతలు తీసుకున్నాను. నిలబెట్టి ఎత్తు చూస్తే 157 సెంటీమీటర్లు. దాంతో లెక్కేస్తే బీఎంఐ 21.7, అంటే కాగితం మీద ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆయన ముందుకు వంగిపోయి ఉన్నారు, వెన్ను నిటారుగా రాదు. వంగిన మనిషి ఎత్తు తక్కువ చూపిస్తుంది, బీఎంఐ ఎక్కువ చూపిస్తుంది. అందుకని చేయి పక్కకు చాపించి, గొంతు కింద గుంట నుంచి మధ్యవేలు, ఉంగరపు వేలు కలిసే మొదలు దాకా టేపుతో కొలిచాను. 77 సెంటీమీటర్లు వచ్చింది. మగవాళ్లకైతే దాన్ని 1.4తో గుణించి 57.8 కలుపుతాం. ఎత్తు దాదాపు 165.6. బీఎంఐ 19.5కు దిగింది. ఇది కూడా అంచనానే, కానీ వంగిన వీపును కొలవడం కంటే నమ్మదగ్గది. అసలు గంట మోగింది మాత్రం బరువు దగ్గర: ఆరు నెలల్లో 61లో 7.5 కిలోలు, అంటే 12 శాతం పోయింది. ఈ గడువులో 10 శాతం దాటితేనే మేం ప్రమాదం కింద లెక్కిస్తాం.

తర్వాత మూడు రోజుల పట్టిక అడిగాను. ఎప్పుడు గోలీ, ఎప్పుడు ఏం తిన్నారు, ఎప్పుడు ఒళ్లు తేలిగ్గా కదిలింది, ఎప్పుడు బిగుసుకుంది, అంటే ఆన్, ఆఫ్. కోడలు పాత లెక్కల నోటుబుక్కులో గళ్లు గీసి తెచ్చింది. అందులో అసలు తప్పు కనిపించింది. రోజుకు నాలుగు గోలీలు, ఉదయం 7, 11, మధ్యాహ్నం 3, రాత్రి 7. నాలుగూ తిండితోనే పడుతున్నాయి. కడుపు ఖాళీ అయితే వికారం వస్తుందని మొదట్లో ఎవరో చెప్పారట, అలాగే అలవాటైంది. తిండితో పాటే పడిన గోలీ కడుపులో ఆగిపోతుంది. ఈ జబ్బులో కడుపు ఎలాగూ నెమ్మదిగా ఖాళీ అవుతుంది. మందు పీల్చుకునేది చిన్నపేగు, కడుపు కాదు.

గోలీల టైం డాక్టర్‌ది, నేను ముట్టుకోను. తిండిని జరిపాం. టిఫిన్ 8కి, భోజనం 12కి, సాయంత్రం ఏదైనా 4కి, రాత్రి భోజనం 8కి. ప్రతి గోలీ మంచినీళ్లతో, తిండికి గంట ముందు. వికారమనిపిస్తే రెండు గుప్పెళ్ల మరమరాలు చాలు, పాలు వద్దు. పప్పు, గుడ్డు అప్పుడే అటూ ఇటూ జరపలేదు, మానేసినవి మళ్లీ మొదలుపెట్టాం అంతే. రెండు వారాల్లో ఉదయం పూట ఆఫ్ దాదాపు పోయింది. చాలామందికి ఇంతే సరిపోతుంది. జబ్బు కొత్తగా వచ్చి, ఆన్-ఆఫ్ తేడాలే లేనివాళ్లకు అదీ అవసరముండదు.

ఈయనకు మధ్యాహ్నం మాత్రం మిగిలింది. పప్పు, పెరుగుతో భోంచేశాక 3 గంటల గోలీ ఎక్కడం లేదు. అప్పుడు ప్రోటీన్‌ను రాత్రికి జరిపాం. ఆయనకు రోజుకు 60 గ్రాముల దాకా కావాలి, కిలోకు 1.1 గ్రాము లెక్కన. ఇదివరకు 35 దాటడం లేదు. పగలు అన్నం, నెయ్యి, కూరగాయల కూర, పచ్చిపులుసు, అరటిపండు, నెయ్యి వేసిన ఉప్మా, బెల్లంతో పాలు లేని సగ్గుబియ్యం పాయసం. వీటితో శక్తి వస్తుంది, ప్రోటీన్ పెద్దగా రాదు. ఒక చెంచా నెయ్యికి 40 కేలరీల పైనే. రాత్రికి రెండు గుడ్లు లేదా కోడికూర, గిన్నెడు పప్పు, పెరుగు, పడుకునే ముందు పాలు. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు 6-7, గిన్నెడు పప్పుకు 6-7. మిగతాది రోజంతా తినే అన్నం, రొట్టెల్లోంచే వస్తుంది. ఇంతకుముందు రోజుకు 1200 కేలరీలు తింటున్నవారిని 1900కు తెచ్చాం.

దీనివల్ల చెడేవి కూడా ఉన్నాయి, కోడలికి ముందే చెప్పాను. రాత్రి ప్రోటీన్ ఎక్కువైతే మంచం మీద పక్కకు తిరగలేకపోతారు. అలా అయితే ఒక గుడ్డు తగ్గించి చూడాలి. పగలు మందు బాగా ఎక్కడం మొదలైతే మెడ, భుజాలు తమంతట తామే మెలితిరగొచ్చు. చూసేవాళ్లకు హుషారుగా ఉన్నారనిపిస్తుంది గానీ, ఆ కదలికలకే కేలరీలు ఖర్చయి బరువు మళ్లీ జారుతుంది. అప్పుడు తిండి మార్చకూడదు, డాక్టర్‌తో డోసు మాట్లాడాలి. నీళ్లు తాగితే దగ్గు వచ్చినా, తిన్నాక గొంతు గరగరమన్నా కేలరీల గొడవ పక్కనపెట్టి ముందు మింగడం పరీక్షించాలి.

ఆగస్టుకు ఆయన 56 కిలోలున్నారు. పోయింది మొత్తం తిరిగి రాలేదు, ఈ వయసులో రావడం కష్టమే.

ఒక్క విషయంలో సార్ ఒప్పుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం కోడికూర, మనుమలతో కలిసి. "వారానికి ఒక్కపూటే కదమ్మా, ఆ రెండు గంటలు కూసుంట" అన్నారు. నేను కాదనలేదు. ఇప్పుడు ఆ నోటుబుక్కులో ప్రతి ఆదివారం గడిలో మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ఆఫ్ అని ఉంటుంది. ఆ గడి ఆయన ముందు రోజే నింపి పెడతారు.