ఫుట్‌సాల్ బంతి ఎందుకు ఎగరదు?

అనంతపురంలో పెద్ద మైదానంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు మొదటిసారి ఫుట్‌సాల్, అంటే చిన్న కోర్టులో జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే ఫుట్‌బాల్, బంతి ఇస్తే, ఒకసారి నేలకేసి కొట్టి "ఏం సార్, దీంట్లో గాలి లేదా?" అంటారు. నాలుగుసార్లు తన్నాక "శానా బరువుంది సార్" అంటారు. గాలి సరిగ్గానే ఉంటుంది, బరువూ ఎక్కువేం కాదు. పదకొండు మంది ఆటలో బంతి బరువు 410 నుంచి 450 గ్రాములుండాలి. ఫుట్‌సాల్ బంతికి 400 నుంచి 440 చాలు. తేడా సైజులో ఉంది. పెద్ద బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, చిన్నదానిది 62 నుంచి 64. చూడ్డానికి ఇది చిన్న తేడానే, కానీ లోపలి పరిమాణం దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ఇంచుమించు అదే బరువు తక్కువ చోటులో ఇమిడి ఉంది కాబట్టి కాలికి గట్టిగా, నిండుగా తగులుతుంది.

అసలు విషయం ఎగరడంలో ఉంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే ఫుట్‌సాల్ బంతి మొదటిసారి 50 సెంటీమీటర్లకు తగ్గకుండా, 65కు మించకుండా లేవాలని నిబంధన. మంచి మ్యాచ్ ఫుట్‌బాల్ అదే ఎత్తు నుంచి గట్టి నేల మీద పడితే మీటరున్నర దాకా లేస్తుంది. అంటే పెద్ద బంతి నేలను తాకిన వేగంలో ఎనభై శాతానికి పైగా తిరిగి తెచ్చుకుంటే, ఫుట్‌సాల్ బంతి సగమో, ఇంకొంచెం ఎక్కువో తెచ్చుకుంటుంది. కాలికి తగిలినప్పుడూ అంతే, అది ఎగిరి దూరంగా పోకుండా దగ్గరే ఆగుతుంది.

ఫుట్‌సాల్ ఆడితే నైపుణ్యం పెరుగుతుందంటారు. మరి బంతిని ఆపడం ఇంత సులువైతే అదెలా పెరుగుతుంది? స్థలం దాన్ని తేల్చేస్తుంది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న మైదానాన్ని 22 మందికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్లు వస్తాయి. ఫుట్‌సాల్ కోర్టు మామూలుగా 40 బై 20, అంటే హ్యాండ్‌బాల్ కోర్టంత. పది మందికి పంచితే తలకు 80. పెద్ద మైదానంలోనూ ఆటగాళ్లు ఒకచోట గుమికూడతారు కాబట్టి ఇవి సగటు లెక్కలే. కానీ ఫుట్‌సాల్‌లో తప్పించుకుపోదామన్నా ఖాళీ జాగా ఉండదు.

ఒక పాస్ తీసుకుందాం. ఎనిమిది మీటర్ల దూరం నుంచి వచ్చే బంతి మీ కాలికి చేరడానికి ఒక సెకను పట్టిందనుకోండి. నాలుగు మీటర్ల దూరంలో నిలబడ్డ డిఫెండర్ ఆ సెకనులో రెండు మీటర్లకు పైగా వచ్చేస్తాడు. మిగిలింది రెండు మీటర్ల లోపే. మీ మొదటి టచ్ బంతిని మీటరు ముందుకు తోసిందంటే అది ఇద్దరికీ సమాన దూరం, సగం పోయినట్టే. అందుకే ఫుట్‌సాల్ ఆటగాడు అరికాలితో బంతిని పైనుంచి అదిమి ఆపి, అదే ఊపులో పక్కకు దొర్లిస్తాడు. బంతి పైకి లేవదు కాబట్టి ఇది కుదురుతుంది. ఇంకోటి, పాస్ వస్తుండగానే తలెత్తి డిఫెండర్ ఎటు ఉన్నాడో చూసుకుంటాడు. బంతి ఆగాక చూద్దామంటే టైం ఉండదు.

నిబంధనలూ ఊరుకోనివ్వవు. బంతి పక్క గీత దాటితే చేత్తో విసరరు, కాలితోనే లోపలికి తన్నాలి, అదీ నాలుగు సెకన్లలో. కోర్టులో సొంత సగంలో బంతిని తన దగ్గర ఉంచుకోవడానికి గోల్‌కీపర్‌కూ నాలుగు సెకన్లే. అతను ఒకసారి బంతిని వదిలాక, మధ్యలో ప్రత్యర్థి దాన్ని తాకకపోతే, సొంత మనిషి తిరిగి ఇచ్చిన ఆ బంతిని సొంత సగంలో మళ్ళీ తాకకూడదు. టెన్షన్ వచ్చినప్పుడల్లా వెనక్కి కీపర్‌కిచ్చి ఊపిరి పీల్చుకునే దారి అలా మూసుకుపోతుంది. మ్యాచ్ సమయంలో ఒక సగంలో జట్టు చేసిన డైరెక్ట్ ఫ్రీకిక్ ఫౌల్స్ ఐదు దాటితే, ఆరో దాని నుంచి ఆటగాళ్ళ అడ్డుగోడ లేకుండా కొట్టే అవకాశం ఎదుటివాళ్ళకు వస్తుంది. కాలడ్డం పెట్టి ఆపేద్దామనుకునే డిఫెండర్ వెనకాడతాడు, బంతి దగ్గరున్నవాడికి డ్రిబుల్ చేసే ధైర్యం వస్తుంది.

ఊళ్ళో వల కట్టిన టర్ఫ్ మీద ఐదుగురు ఆడితే అది ఫుట్‌సాల్ అయిపోదని నేను గట్టిగా చెబుతాను. బంతి వలకు తగిలి తిరిగొస్తే తప్పు పాస్‌కు శిక్ష పడదు, గీత దాటిన బంతిని పోగొట్టుకున్నవాడే నేర్చుకుంటాడు. మామూలు బంతిలో గాలి తగ్గించి వాడటమూ పనికిరాదు. ఎగరడం తగ్గుతుంది గానీ, తన్నిన చోట మెత్తగా లొట్టపడి పాస్ వేగం చచ్చిపోతుంది. కొనేటప్పుడు గోడ మీద రెండు మీటర్ల దగ్గర ఒక గీత, 65 సెంటీమీటర్ల దగ్గర ఇంకో గీత గీసి, బంతిని పై గీత నుంచి సిమెంటు నేల మీదికి వదిలి చూడండి. కింది గీత దాటి లేస్తే అది ఫుట్‌సాల్ బంతి కాదు.

దీనికో హద్దుంది. మన ఎర్రమట్టి, గులకరాళ్ళ మైదానాల్లో పెద్ద బంతి ఎటు లేస్తుందో చెప్పలేం. అక్కడ అరికాలు పైకెత్తి కాచుకుంటే బంతి కిందినుంచి జారిపోతుంది. ఫుట్‌సాల్ నుంచి వచ్చిన పిల్లల్లో నేను మొదట చూసే లోపం ఇదే. ప్రతి బంతినీ అరికాలితో నిలిపేసి, పరుగు ఆపుకుంటారు. ఖాళీ ఉన్నచోట పాదం లోపలి వైపుతో ముందుకు తోసుకుపోవడం, ముప్పై నలభై మీటర్ల పాస్, తలతో ఆడటం, ఆఫ్‌సైడ్ గీతను కనిపెట్టి పరుగు తీయడం, ఇవన్నీ పెద్ద మైదానంలో విడిగా నేర్పాల్సిందే. ఫుట్‌సాల్‌లో ఆఫ్‌సైడే లేదు.