సర్టిఫికెట్ మీద పది రూపాయలుంటే షేరు ధర పది రూపాయలు కాదు

హిమాయత్‌నగర్‌లో కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీసు చేస్తున్నాను. చిన్న ప్రైవేటు కంపెనీలో పదో పాతికో శాతం వాటా ఉన్నవాళ్లు బయటికి రావాలనుకున్నప్పుడు ఒక ఉత్తరం రాసుకుని నా దగ్గరికి వస్తారు. అందులో దాదాపు ఎప్పుడూ ఒకే వాక్యం ఉంటుంది: "నా వాటాలు తీసుకుని నాకు రావాల్సింది ఇప్పించగలరు." రావాల్సింది ఎంతో ఉండదు. దాన్ని ఎలా లెక్కగట్టాలో అసలే ఉండదు.

అపోహ: షేరు విలువ సర్టిఫికెట్ మీద ఉన్నంతే. మహా అయితే బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నంత.

ఎక్కువ మందిని ముంచేది ఇదే. చర్లపల్లిలో ప్యాకింగ్ యూనిట్ ఉన్న ఒక కంపెనీలో భర్త పోయాక ఒకావిడ పేరు మీదికి 18 వేల షేర్లు వచ్చాయి. మొత్తం లక్ష షేర్లు, ఒక్కోటి పది రూపాయలది. భర్త స్నేహితులే మిగతా వాటాదారులు. "వదినా, రూ.1.80 లక్షలు మీవి. మేము ఇంకో ఐదు కలిపి ఇస్తాం" అన్నారట. ఆవిడ ఒప్పుకుంటూ ఉత్తరం కూడా రాసేసి, పంపేముందు ఒకసారి చూడమని తెచ్చారు. ఆ కాగితం పట్టుకున్న చేయి వణుకుతోంది. పిల్లల ఫీజుల టెన్షన్ ఆవిడది.

బ్యాలెన్స్ షీట్ తెప్పించాను. మూలధనం 10 లక్షలు, రిజర్వులు కోటీ 40 లక్షలు. అంటే పుస్తకాల ప్రకారమే షేరు రూ.150. స్థిరాస్తుల షెడ్యూల్ తిప్పితే అసలు సంగతి తెలిసింది. 2007లో కొన్న స్థలం ఇప్పటికీ 30 లక్షలకే కనిపిస్తోంది. దాని రిజిస్ట్రేషన్ విలువ 2 కోట్ల 30 లక్షలు. తేడా 2 కోట్లు కలిపితే నికర విలువ మూడున్నర కోట్లు, షేరు రూ.350. ఆవిడ వాటా 63 లక్షలు!

ఇది నేను కోరికతో కట్టిన ధర కాదు. మేము 11యూఏ అని పిలిచే ఆదాయపన్ను లెక్క కూడా స్థిరాస్తిని కొన్న ధరకు కాకుండా రిజిస్ట్రేషన్‌కు వాడే స్టాంపు విలువకే తీసుకుంటుంది. అంతకంటే తక్కువకు అమ్మితే, చేతికి రాని డబ్బు కూడా వచ్చినట్టే లెక్కేసి అమ్మినవాళ్లకు పన్ను వేస్తారు. "మనవాళ్లకే కదా ఇస్తున్నాను" అన్నా అమ్మేవాళ్లకు మినహాయింపు లేదు. అన్ని కంపెనీలకూ ఆస్తుల లెక్కే చాలదు. స్థలం, యంత్రాలు లేని సర్వీసు కంపెనీకి లాభాల మీద విలువ కట్టించాలి.

అందుకే ఉత్తరంలో అంకెతో పాటు ఆధారం కూడా రాయాలి: ఏ తేదీ ఆడిట్ లెక్కలు తీసుకున్నారు, స్థలానికి ఏ విలువ వేశారు, మొత్తం కంపెనీ విలువను షేర్ల సంఖ్యతో భాగించి, మైనారిటీ వాటా అని ఏమీ తగ్గించకుండా ఈ ధర వచ్చిందని. ఆ తగ్గింపు అవతలివాళ్లు తప్పకుండా అడుగుతారు. ధర కుదరకపోతే ఇద్దరూ కలిసి ఒక రిజిస్టర్డ్ వాల్యుయర్‌ను పెట్టుకుందామని, ఖర్చు చెరిసగమని కూడా ముందే రాసేయండి. షేర్ల సంఖ్య, ఫోలియో, సర్టిఫికెట్ నంబర్లు, ఆఫర్ గడువు ఎలాగూ ఉండాలి. భర్త కంపెనీకి అప్పుగా ఇచ్చిన 4 లక్షలను వేరే పేరాలో రాయించాను. అది షేరు ధరలో కలిసిపోయే డబ్బు కాదు.

అపోహ: ఉత్తరం రాస్తే కంపెనీ కొనాల్సిందే.

అలాంటి చట్టమేదీ లేదు. బైబ్యాక్‌కు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో అనుమతి ఉండాలి, ఆఫర్ అందరికీ వాటాల ప్రకారం ఇవ్వాలి, ప్రత్యేక తీర్మానం చేసినా మూలధనం, ఫ్రీ రిజర్వుల్లో 25 శాతం దాటకూడదు. ఈ కంపెనీకి ఆ హద్దు ముప్ఫయి ఏడున్నర లక్షలు. 63 లక్షలు అందులో పట్టదు. కాబట్టి ఆర్టికల్స్‌లో షేర్ల బదిలీ క్లాజు చదివి, దాని ప్రకారం బోర్డు ద్వారా మిగతా వాటాదారులకే ఆఫర్ పెట్టాం.

అపోహ: నమ్మకం కోసం షేర్ల బదిలీ ఫారం ఎస్‌హెచ్-4 మీద ముందే సంతకం పెట్టి ఇవ్వాలి.

వద్దు. ధర, తేదీ ఖాళీగా ఉన్న సంతకం ఎవరికీ ఇవ్వకండి.

అపోహ: వాటా అమ్మితే కంపెనీ అప్పుకు మనం బ్యాంకుకిచ్చిన వ్యక్తిగత గ్యారంటీ కూడా పోతుంది.

పోదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేయాలి.

ఆవిడ విషయంలో వాల్యుయర్ రెండేళ్లుగా వసూలు కాని 20 లక్షల బాకీని తీసేయమన్నారు. నాకూ న్యాయంగానే అనిపించింది. కంపెనీ పుస్తకాల్లోంచి కూడా దాన్ని కొట్టేశాక షేరు రూ.330 అయింది. మొత్తం 59.40 లక్షలు. డబ్బు ఖాతాలో పడిందని ఆవిడ ఫోన్‌లో మెసేజ్ చూపించాకే ఎస్‌హెచ్-4 మీద సంతకం పెట్టించాను. దాని స్టాంపు డ్యూటీ రూ.891.