పళ్లెంలో మిగిలిన కూర కాదు, గ్లాసులో నిండిన పాలు

రెండేళ్ల పాప. బరువు 12 కిలోలు. బుగ్గలు బొద్దుగా ఉన్నాయి, ఎత్తు వయసుకు తగ్గట్టే ఉంది. కూరగాయ ఏది పెట్టినా నోట్లోంచి తీసి పక్కన పెడుతుంది. పాలు మాత్రం లేవగానే ఒకసారి, మధ్యాహ్నం నిద్రకు ముందు, సాయంత్రం, రాత్రి సీసాతో రెండుసార్లు తాగుతుంది. అన్నీ కలిపితే రోజుకు లీటరు. ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే అయినా, పిల్లల డాక్టర్ల దగ్గర ఇలాంటి పిల్లలు తరచూ కనిపిస్తారు. తల్లిదండ్రుల దిగులంతా కూరగాయల మీదే ఉంటుంది. కానీ లెక్క వేసి చూస్తే అసలు చిక్కు పాల దగ్గరే తేలుతుంది.

ఈ వయసు పిల్లకు రోజుకు సుమారు 1,000 కేలరీల శక్తి, 7 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. లీటరు ఆవు పాలలో 600కు పైగా కేలరీలు ఉంటాయి, ఐరన్ మాత్రం అర మిల్లీగ్రాముకు మించదు. అంటే సగానికి పైగా ఆకలి పాలతోనే తీరిపోతుంది, ఐరన్ దాదాపు ఏమీ అందదు. మిగిలిన 400 కేలరీలు ఏ బిస్కెట్టుతోనో, రొట్టె ముక్కతోనో నిండుతాయి. పాప కడుపు కూడా చిన్నది. కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున చూసినా 360 మిల్లీలీటర్లే పడతాయి. భోజనానికి అరగంట ముందు 250 మిల్లీలీటర్ల పాలు తాగిన పిల్ల ముద్ద ముట్టకపోతే అది మొండితనం కాదు, నిజంగానే కడుపు నిండి ఉంది.

పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే ప్రోటీన్ తోడుగా తిన్న ఆహారంలోని ఐరన్‌ను కూడా పేగు సరిగా పీల్చుకోనివ్వవు. ఐరన్ బాగా తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేని పిల్లకు పాలే సులువు. ఇలా ఒకదానికొకటి తోడై లోపం ముదురుతుంది. బొద్దుగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కింది కనురెప్ప లోపలి వైపు పాలిపోవడం, ఊరికే చిరాకు పడడం, త్వరగా అలసిపోవడం, మట్టి, ఐస్, కాగితం లాంటివి నమలడం వంటివి కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి.

అందుకే మొదటి పని పాలు తగ్గించడం. రోజుకు 400 మిల్లీలీటర్లు చాలు. కాల్షియంలో పెద్ద భాగం దానితోనే అందుతుంది. ఒక్కరోజులో మానిపించనక్కర్లేదు. ముందు సీసా తీసేసి కప్పు ఇవ్వాలి, ఎందుకంటే సీసాతో తాగినన్ని పాలు పిల్లలు కప్పుతో తాగరు. రాత్రి పాలను కొద్దికొద్దిగా తగ్గిస్తూ చివరికి నీళ్లకు మార్చాలి. మిగిలిన రెండు కప్పులూ భోజనానికి ముందు కాకుండా, కాస్త ఎడం ఇచ్చి తర్వాత ఇవ్వాలి. మొదటి కొన్ని రోజులు పాప ఏడుస్తుంది, పెట్టింది కూడా సరిగా తినదు. చాలామంది ఇక్కడే జాలిపడి మళ్లీ సీసా అందిస్తారు. ఆ కొద్ది రోజులు ఓర్చుకుంటే ఆకలి దానంతటదే వస్తుంది.

ఆ ఆకలికి ఏం పెట్టాలి? లీటరు నుంచి 400 మిల్లీలీటర్లకు దిగితే దాదాపు 370 కేలరీల ఖాళీ ఏర్పడుతుంది. కొద్దిపాటి ముద్దలోనే శక్తీ ఐరన్ రెండూ ఉన్న పదార్థాలతో దాన్ని నింపాలి. పలచటి సూపులు, పండ్ల రసాలతో అది నిండదు. ఒక రోజును ఇలా ఊహించండి. పొద్దున చెంచా వెన్నలో వేయించిన గుడ్డు. మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన మైసూరు పప్పు 60 గ్రాములు, అందులో చెంచా నూనె, 30 గ్రాముల కీమా. సాయంత్రం ఉడికించి మెదిపిన శనగలు 40 గ్రాములు, అందులో 10 గ్రాముల నువ్వుల పేస్టు కలిపి రొట్టె ముక్కకు రాసి పెట్టడం. రొట్టెను పక్కన పెడితే వీటితోనే 400 కేలరీలు దాటుతాయి. ఐరన్ పప్పులో 2 మిల్లీగ్రాములు, శనగల్లో 1, గుడ్డులో 1కి కాస్త తక్కువ, నువ్వుల్లోనూ దాదాపు అంతే, కీమాలో అర మిల్లీగ్రాముకు పైగా ఉంటుంది. మిగతా తిండిలోది కలుపుకుంటే 7కు దగ్గరపడతాం. ఇందులో ఒక్క కూరగాయ కూడా లేదని గమనించండి. గుడ్డు, నువ్వులు, వేరుశనగ లాంటివి ఇంతకుముందు తినని పిల్లకు మొదట కొద్దిగా పెట్టి ఎలర్జీ లేదని చూసుకోవాలి. గింజలను పేస్టుగానే ఇవ్వాలి, గుండ్రటి గింజ గొంతుకు అడ్డం పడుతుంది.

అంకెలు చెప్పని సంగతి ఒకటుంది. మాంసంలోని ఐరన్ హీమ్ రూపంలో ఉంటుంది, పేగు దాన్ని తేలిగ్గా తీసుకుంటుంది. పప్పులు, గింజలు, ఆకుకూరల్లోని ఐరన్‌లో చాలా భాగం బయటికి పోతుంది. పేగు గోడ దాన్ని తీసుకోవాలంటే అది ముందు ఫెర్రస్ రూపంలోకి మారాలి. విటమిన్ సి ఆ మార్పుకు తోడ్పడుతుంది, గింజల్లోని ఫైటేట్లు ఐరన్‌ను పట్టేసుకోకుండా కూడా చూస్తుంది. కాబట్టి పప్పు తిన్న పూటే నాలుగు నారింజ తొనలో, జామ ముక్కో, స్ట్రాబెర్రీలో పెడితే ఒంటికి పట్టే ఐరన్ రెట్టింపు కావచ్చు. పండు తినే పిల్ల కూరగాయ తినకపోయినా ఈ పని జరిగిపోతుంది. మాంసం తినని ఇంట్లో ప్రతి పూటా పప్పుకు పండు జోడించడం, శనగలను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండడం తప్పనిసరి అంటాను. కీమా కొంచెమే వేసినా పక్కనున్న పప్పులోని ఐరన్ కూడా మెరుగ్గా పడుతుంది. గుడ్డు శక్తికి మంచిదే, దాని ఐరన్ మాత్రం అంతగా ఒంటికి పట్టదు. పాలకూరదీ అదే కథ, కాబట్టి అది ఉమ్మేసిందని కుంగిపోనక్కర్లేదు. కాలేయంలో ఐరన్ చాలా ఎక్కువ, కానీ విటమిన్ ఎ కూడా అంతే ఎక్కువ కాబట్టి వారానికి ఒక్కసారికి మించకూడదు.

కూరగాయలను బతిమాలకుండా పళ్లెంలో ఒక ముక్క ఉంచుతూ ఉంటే సరిపోతుంది. పదిసార్లకు పైగా చూశాక గానీ చాలామంది పిల్లలు కొత్త రుచిని ఒప్పుకోరు.

అయితే లోపం ఇప్పటికే రక్తహీనతగా మారితే తిండి ఒక్కటే చాలదు. రెండేళ్లు దాటిన పిల్లలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. నిల్వలు తెలిపే ఫెర్రిటిన్ లీటరుకు 12 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే ఐరన్ నిల్వలు అడుగంటినట్టు. జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు ఫెర్రిటిన్ పెరిగి లోపాన్ని దాచేస్తుంది కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడు చేయించిన పరీక్షే నమ్మదగింది. లోపం తేలితే డాక్టరు బరువును బట్టి ఐరన్ చుక్కలు రాస్తారు. వాటిని పాలతో కలిపి ఇవ్వకూడదు. పెద్దల ఐరన్ మాత్రలు ఊహించి ఇవ్వడం ప్రాణాంతకం కావచ్చు, ఆ సీసాలు పిల్లల చేతికి అందకూడదు. చుక్కలు సరిగా పడితే నెల రోజుల్లో హిమోగ్లోబిన్ సుమారు 1 గ్రాము పెరగాలి. పెరిగింది కదా అని అక్కడే ఆపితే నిల్వలు నిండవు, ఇంకా రెండు మూడు నెలలు వాడాలి. పాలు తగ్గించి, చుక్కలు క్రమంగా వేసినా ఆ 1 గ్రాము పెరగకపోతే తిండి కాకుండా వేరే కారణం వెతకాలి. పేగులో రక్తం పోవడం, గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు, తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసేమియా జన్యువు, ఈ మూడింటినీ డాక్టరు ముందుగా చూస్తారు.