పప్పన్నంలో కలిపిన మాత్ర

విశాఖపట్నంలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న తల్లులు, తండ్రులు, అన్నదమ్ములు ఓ పదిహేను ఇరవై మందితో మాట్లాడి ఒక అధ్యయనం చేస్తున్నామనుకుందాం. ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడి రికార్డు చేశాం. ఆ గంట మాటలను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఆ కాగితాల కట్ట ముందేసుకుని, ఇందులోంచి ఏం తేలిందో, తేలిందన్నది ఎందుకు నమ్మాలో చెప్పాలి. పరిశోధన పత్రంలో ఆ పని చేసేది పద్ధతుల విభాగం. చాలామంది చదవకుండా దాటేసే భాగం కూడా అదే.

ఇలాంటి మాటల విశ్లేషణకు ఎక్కువగా వాడే దారిని థీమాటిక్ ఎనాలిసిస్ అంటారు. వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని ఆరు దశలుగా వివరించారు. మాటలను మళ్లీ మళ్లీ చదవడం, ముక్కలకు కోడ్‌లు, అంటే వాటి సారం చెప్పే చిన్న పేర్లు పెట్టడం, కోడ్‌లను కలిపి థీమ్‌లు కట్టడం, వాటిని తిరిగి పరీక్షించడం, పేరు పెట్టి హద్దులు గీయడం, చివరికి రాయడం. చెబితే మెట్లలా ఉంటుంది గానీ చేసేటప్పుడు ఎక్కినంత దిగాల్సి వస్తుంది.

ఒక్క మాట పట్టుకుని చూద్దాం. ఇది ఏ ఒక్కరి మాటా కాదు, ఉదాహరణ కోసం నేను కూర్చింది. అరవై దాటిన తల్లి, కొడుక్కి ముప్పై ఏళ్లు. ఆమె అంటుంది: “మాత్తర నూరీసి పప్పన్నంలో కలిపీసి పెడతాను. ఆడికి తెల్దు. తెలిత్తే తినడు. నిన్న ‘అమ్మా, అన్నం సేదుగుంది’ అన్నాడు. నా సెయ్యి ఒణికిపోయింది.”

ఆసుపత్రిలో పనిచేసిన అలవాటున్న పరిశోధకుడు దీని పక్కన ఠక్కున ‘మందులు వేసుకోకపోవడం’ అని రాస్తాడు. తప్పు కాదు, కానీ అది డాక్టరు వైపు నుంచి చూసిన మాట. ఆ కోడ్‌లో కొడుకున్నాడు, తల్లి లేదు. మనం మాట్లాడింది తల్లితో. ఆమె మాటను దగ్గరగా చదివితే మూడు కోడ్‌లు వస్తాయి: ‘తెలియకుండా మందు కలపడం’, ‘రుచి పట్టిస్తుందన్న భయం’, ‘పెట్టే చెయ్యే మోసం చేస్తోందన్న బాధ’. మూడోది ఆమె నోటితో అనలేదు కదా అని అడగవచ్చు. నిజమే. పైకి చెప్పినదానికి పెట్టేది ఒక రకం కోడ్, లోపలి అర్థానికి పెట్టేది మరో రకం. రెండోది పెట్టినప్పుడు ఏ మాటను ఆధారం చేసుకున్నామో పక్కనే రాసి పెట్టుకోవాలి. ఇక్కడ ఆధారం వణికిన చెయ్యి. బాధ కాకుండా ఉత్త భయమే అయి ఉండవచ్చన్న అనుమానం కూడా ఆ పక్కనే రాయాలి.

కోడింగ్ తెలుగులోనే చేయాలని నా పట్టుదల. ముందే ఇంగ్లీషులోకి మార్చేసుకుంటే ‘సేదు’ కాస్తా ఉత్త రుచి అయిపోతుంది. అక్షరాలా రాయడమంటే ఉత్తరాంధ్ర మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దడం కూడా కాదు.

ఇప్పుడు ఇంకో ఇంటికి వెళ్దాం. చెల్లెలికి సంబంధం చూసేటప్పుడు, జబ్బున్న తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడని చెప్పామని ఒక అన్న అంటాడు. మూడో ఇంట్లో ఒకామె, డాక్టరు అడిగితే అంతా బాగుందనే చెబుతానంటుంది. ఇలాంటివి పోగవగానే ‘పరువు’ అని ఒక థీమ్ పెట్టేసి అన్నీ అందులో వేసేయాలనిపిస్తుంది. తరచుగా జరిగే పొరపాటు ఇదే. ‘పరువు’ ఒక విషయం పేరు, సంచి లాంటిది, ఏం వేసినా పడుతుంది. థీమ్ అంటే ఆ ముక్కలన్నీ కలిసి చెప్పే ఒక సంగతి. పప్పన్నంలో మాత్ర కలిపే తల్లి పరువు కోసం కలపడం లేదు. కానీ అన్నతో ఆమెకు ఒక పోలిక ఉంది. ఇద్దరూ తమవాణ్ణో, తమ ఇంటినో కాపాడుకోవడానికి దాస్తున్నారు. అందుకని మొదటి ముసాయిదా థీమ్ ‘కాపాడుకోవడానికి దాచడం’ అయింది.

అది ఎంతవరకు నిలుస్తుంది? దానికి సరిపడని మాట కోసం కావాలని వెతకాలి. ఒక తండ్రి దొరికాడనుకోండి: “వీధిలో టీకొట్టు నుంచి ఆటో స్టాండు దాకా అందరికీ చెప్పీసాను. మావాడు ఎటైనా ఎలిపోతే ఆళ్లే ఇంటికి తెస్తారు.” ఈయన దాచడం లేదు, కాపాడుకోవడానికే చెబుతున్నాడు. ఈ ముక్కను పక్కన పెట్టేస్తే థీమ్ అందంగా ఉంటుంది, అబద్ధమూ అవుతుంది. కలుపుకుంటే థీమే మారుతుంది: ‘ఎవరికి ఎంత చెప్పాలో లెక్క వేసుకోవడం’. అప్పుడు పాత కాగితాలన్నీ మళ్లీ తిరగేయాలి. పెళ్లి చూపులవాళ్లకు దాచిన ఆ అన్నే మందుల షాపతనికి చెప్పాడా? మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం మీద మన చూపు ఆగి ఉండదు.

ఇద్దరు విడివిడిగా కోడ్ చేశారని చాలా పత్రాల్లో రాస్తారు, పక్కనే ఇద్దరి కోడ్‌లు ఎంతవరకు కలిశాయో చెప్పే కప్పా అనే అంకె ఇస్తారు. నూరు ముక్కల్లో ఒక కోడ్ అయిదింటికే వర్తిస్తుందనుకోండి. రెండో మనిషి కునుకు తీస్తూ అన్నిటికీ ‘లేదు’ అని కొట్టినా మొదటివారితో 95 చోట్ల ఏకీభవించినట్టే. అలా యాదృచ్ఛికంగా కుదిరే ఒప్పందాన్ని తీసేసి లెక్కిస్తుంది కాబట్టి, ఇక్కడ కప్పా సున్నాకు పడిపోతుంది. అంతవరకు మంచిదే. కానీ ఇద్దరు నర్సులు కూర్చుని ఆ తల్లి మాటకు, అలాంటి మాటలన్నిటికీ ‘మందులు వేసుకోకపోవడం’ అనే రాస్తే కప్పా నిండుగా ఒకటి వస్తుంది, తల్లి మాత్రం ఎక్కడా కనబడదు. ముందే కోడ్‌ల పట్టిక తయారుచేసుకుని చేసే పద్ధతిలో ఈ అంకెకు చోటుంది. బ్రౌన్, క్లార్క్‌ల పద్ధతిలో లేదని వాళ్లే చెబుతారు. అక్కడ రెండో మనిషి పని ఒప్పుకోవడం కాదు, “నీకలా ఎందుకనిపించింది?” అని అడగడం.

కొత్త సంగతులు రావడం ఆగిన స్థితిని శాచురేషన్ అంటారు. తెలుగులో ‘నిండుకుంది’ అందామంటే బియ్యం డబ్బా ఖాళీ అయినట్టు వినబడుతుంది! ఏ పదం వాడినా ఎన్నో ఇంటర్వ్యూ తర్వాత ఆపారో, అలా ఎందుకనుకున్నారో రాయాలి.

థీమ్‌లు సరిగ్గా ఉన్నాయా అని కుటుంబాలకే చదివి వినిపించడం మరో జాగ్రత్త. మన దగ్గర దీనికో చిక్కుంది. “మీరు సదూకున్నోళ్లు, మీరు రాసిందే రైటు బాబూ” అంటారు. అది మర్యాద, సమ్మతి కాదు. బాగుందా అని అడగడం కంటే “ఇందులో మీ ఇంట్లో జరగనిదేంటి?” అని అడిగితే మాట బయటికి వస్తుంది.

మాట్లాడించింది ఎవరు, ఎక్కడ అన్నది కూడా పద్ధతుల విభాగంలో ఉండాలి. ఇలాంటి ఇంటర్వ్యూల గురించి ఏమేం రాయాలో 32 అంశాలతో 2007లో వచ్చిన కోరెక్ అనే జాబితా కూడా ఈ రెండూ అడుగుతుంది. వైద్యం చేసే ఆసుపత్రి నర్సే రికార్డర్ పట్టుకుంటే మాత్ర కలిపిన సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఓపీ బయట బెంచీ మీద, కొడుకు పక్కనే కూర్చుని ఉండగా అడిగితే అసలే చెప్పరు.

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగదు. పెదజాలరిపేట, చేపల వేటకెళ్లి తిరిగిరాని భర్త, ఒక్కడే కొడుకు: ఈ మూడూ పత్రంలో రాస్తే ఆ వీధివాళ్లు క్షణంలో పోల్చుకుంటారు. అప్పుడు పప్పన్నం సంగతి కొడుకు చెవిన కూడా పడుతుంది. అందుకని ఊరి పేరు తీసేసి ‘తీరప్రాంతపు తల్లి’ అని రాస్తాం. ఏయే వివరాలు తీశామో, ఎందుకు తీశామో మాత్రం పద్ధతుల విభాగంలో ఒక వాక్యం ఉండాలి.