"సబ్బుతో కడుక్కుంటాం మేడమ్": పరిశుభ్రత సర్వేల మీద అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లలో ఉండే కుటుంబాల దగ్గర పరిశుభ్రత సర్వేలు చేయడం నా పని. కర్నూలు, అనంతపురం, పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు ఎక్కువ కాబట్టి తెలుగు ఫారాలన్నీ నా దగ్గరికే వస్తాయి. వీటిని కేఏపీ సర్వేలంటారు. మనుషులకు ఏం తెలుసు, ఏమనుకుంటారు, ఏం చేస్తారు అని ఫారంలో మూడు భాగాలుంటాయి. మొదటి రెండూ అడిగి తెలుసుకోవచ్చు. గొడవంతా మూడోదానితోనే.

అపోహ: "సబ్బుతో చేతులు కడుక్కుంటారా?" అని అడిగితే ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది.

వాస్తవం: ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. "రోజూ వస్తాను", "రేపు వస్తాను" రెండింటికీ క్రియ ఒకటే. అలాగే "కడుక్కుంటాం" అన్నప్పుడు అది రోజూ చేసే పనో, ఇకమీదట చేస్తామన్న మాటో వినేవాళ్లకు తెలియదు. అంతకు ముందే పావుగంటసేపు క్రిముల గురించి, విరేచనాల గురించి అడిగి ఉంటాం. ఆ తర్వాత వచ్చే "కడుక్కుంటాం మేడమ్"లో సగం మర్యాద ఉంటుంది. ఫారంలో మాత్రం అది ఆచరణ కింద టిక్కు అయిపోతుంది.

ఇంకొకటి, మనకు నీళ్లతో కడిగినా కడిగినట్టే. "కాళ్లూ చేతులూ కడుక్కుని రా, అన్నం పెడతాను" అనే మాటలో సబ్బు ఎక్కడా లేదు. అందుకే మేం ఇప్పుడు జరిగిపోయిన పని గురించే అడుగుతాం. "ఈ పొద్దున ఏం తిన్నారమ్మా? తినడానికి కూర్చునే ముందు ఏం చేస్తున్నారు? అక్కణ్ణుంచి లేచి ఏం చేశారు?" అని. సబ్బు అన్న మాట మా నోట రాకూడదు. మరుగుదొడ్డి తర్వాత, పిల్లలకు కడిగాక, వంటకు ముందు, తినే ముందు అన్న నాలుగు జవాబులూ ఫారంలో ఉంటాయి గానీ చదివి వినిపించకూడదు. చదివితే నాలుగింటికీ అవుననే అంటారు. ఒకరు తెచ్చిన ఫారాల కట్టలో అందరికీ నాలుగు టిక్కులూ పడి ఉంటే, వాళ్లు చదివి వినిపిస్తున్నారని నాకు అర్థమైపోతుంది. ఆ కట్టలోంచి కొన్ని ఇళ్లకు నేనే మళ్లీ వెళ్లి అడుగుతాను.

అపోహ: చెప్పింది ఒకటి, చేసింది ఇంకొకటి అయితే వాళ్లు అబద్ధం చెప్పినట్టే.

వాస్తవం: ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆమెది ఆదోని వైపు. పదేళ్ల కూతురు, ఏడాదిన్నర కొడుకు. ఫారం రోజున అన్ని ప్రశ్నలకూ సరైన జవాబులే చెప్పింది, ఎందుకు కడుక్కోవాలో కూడా చక్కగా వివరించింది. వారం తర్వాత ఆమె ఒప్పుకున్నాక పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఆ షెడ్డు ముందు కూర్చున్నాను.

ఆ ఐదు గంటల్లో చేతులు కడుక్కోవాల్సిన సందర్భాలు ఆరు వచ్చాయి: మరుగుదొడ్డి నుంచి వచ్చాక ఒకటి, పిల్లాడికి కడిగాక రెండు, వంటకు ముందు ఒకటి, పిల్లాడికి తినిపించే ముందు ఒకటి, తాను తినే ముందు ఒకటి. మూడుసార్లు వట్టి నీళ్లతో కడుక్కుంది. రెండుసార్లు అసలు కడుక్కోలేదు. సబ్బు వాడింది ఒక్కసారే, పిల్లాడికి రెండోసారి కడిగాక. తిన్న తర్వాత మాత్రం నూనె జిడ్డు పోవాలని బట్టల సబ్బుతో శుభ్రంగా రుద్దుకుంది. అది మా లెక్కలోకి రాదు.

ఆ ఒక్కసారి ఎందుకు వాడిందన్నదే నాకు ముఖ్యంగా తోచింది. నీళ్లు బయట డ్రమ్ములో ఉంటాయి. కుళాయి లేదు, మగ్గుతో ముంచుకోవాలి. మగ్గు ఒక చేత్తో పట్టుకుంటే మిగిలేది ఒక్క చెయ్యే. రెండు చేతులూ కలిపి సబ్బు రుద్దుకోవాలంటే ఇంకొకరు నీళ్లు పోయాలి. ఆ రెండోసారి కూతురు పక్కనే ఉండి పోసింది. పైగా సబ్బు లోపల అటక మీద పెట్టెలో ఉంటుంది, బయట పెడితే మాయమవుతుంది కాబట్టి. చేతులు మురికిగా ఉన్నప్పుడు ఆ పెట్టె తెరవడం ఎవరికైనా ఇబ్బందే.

ఆమె నాకు అబద్ధం చెప్పలేదు. నేను అడిగింది నియమం, ఆమె చెప్పింది నియమం. లెక్క కూడా అక్కడే తప్పింది. మనుషుల్ని లెక్కపెడితే ఆమె "సబ్బుతో కడుక్కునే మనిషి". సందర్భాలను లెక్కపెడితే ఆరింట్లో ఒకటి. ఆచరణను ఎప్పుడూ సందర్భాలతోనే భాగించాలి.

అపోహ: కళ్లతో చూస్తే అసలు నిజం తెలుస్తుంది.

వాస్తవం: దగ్గరవుతాం, అంతే. బంగ్లాదేశ్ పల్లెల్లో కదలికలను పట్టే సెన్సర్ పెట్టిన సబ్బులను ఇళ్లకు ఇచ్చి చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. మనిషి వచ్చి కూర్చున్న రోజున ఆ సబ్బులు అంతకు ముందుకన్నా మూడో వంతు ఎక్కువగా కదిలాయి. అంటే నేను చూసిన ఆరింట్లో ఒకటి కూడా కాస్త పెరిగిన లెక్కే అయి ఉండొచ్చు.

అందుకే చేతుల కోసం వచ్చామని ముందే చెప్పం. ఇంటి పనులు ఎలా జరుగుతాయో చూస్తామని చెబుతాం. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, పని అయిపోయాక అసలు విషయం చెప్పి తీరాలి. ఆ ఆదోని తల్లికి చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. "ముందే చెప్పుంటే సబ్బు కిందికి దించి పెట్టేదాన్ని కదా మేడమ్" అంది. ఇక షెడ్ల వరస చివర ఉన్న మరుగుదొడ్ల దాకా వెంట వెళ్లలేం, వెళ్లకూడదు. అక్కడి నుంచి వచ్చాక డ్రమ్ము దగ్గర ఆగారా లేదా అన్నదే మనకు కనిపిస్తుంది.

అపోహ: ఇంట్లో సబ్బు, నీళ్లు ఉంటే కడుక్కుంటున్నట్టే.

వాస్తవం: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చేతులు కడుక్కునే చోటు చూపించమని అడిగి, అక్కడ నీళ్లు, సబ్బు ఉన్నాయో లేదో రాసుకుంటారు. మాటల కన్నా అది నయం. కానీ అది చెప్పేది వీలుందా లేదా అన్న సంగతే.

అపోహ: తెలియదు కాబట్టి చేయడం లేదు, చెబితే చేస్తారు.

వాస్తవం: చేతులు సబ్బుతో కడుక్కునే అలవాటు కోసం చిత్తూరు జిల్లాలో 14 ఊళ్లలో చేసిన సూపర్ అమ్మ ప్రచారం అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. అందులో మా బెంగళూరులోని సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థ వాళ్లూ ఉన్నారు. మొదట్లో సబ్బుతో కడుక్కున్న సందర్భాలు నూటికి ఒకటో రెండో. ప్రచారం జరిగిన 7 ఊళ్లలో ఆరు నెలలకు అది 37 శాతమైంది, మిగతా 7 ఊళ్లలో 6 శాతం. ప్రచారంలో క్రిముల పాఠం ప్రధానం కాదు. మురికి చేతులంటే రోత, బిడ్డను మంచి అలవాట్లతో పెంచే తల్లికి ఉండే గౌరవం, వీటినే పట్టుకున్నారు. ఏడాదికి ఆ 37 కాస్తా 29కి తగ్గిందని కూడా దాచకుండా రాశారు. ఇదంతా ఇళ్ల దగ్గర కూర్చుని చూసి వేసిన లెక్క.

అందుకే "జ్ఞానం స్కోరు పెరిగితే ఆచరణ స్కోరూ పెరిగింది" అనే రిపోర్టు చూస్తే మొదట ఆచరణను ఎలా కొలిచారో వెతుకుతాను. రెండు స్కోర్లూ ఒకే మనిషి ఒకే గంటలో నోటితో చెప్పినవైతే, బాగా జవాబు చెప్పగలిగినవాళ్లకు రెండు చోట్లా మార్కులు పడతాయి. మా ఫారాల్లో ఇప్పుడు మూడో భాగం పేరు మార్చాం. "చెప్పిన ఆచరణ" అని ఒక పేజీ, "చూసిన ఆచరణ" అని ఇంకో పేజీ. చూడటానికి వెళ్లని ఇళ్లకు రెండో పేజీ ఖాళీగానే ఉంచుతాం.